ఇంటి దగ్గర థీసిస్ రాస్తానన్న స్కాలర్: పదహారు వారాల ఒక కేసు

అక్టోబరు రెండో వారంలో నేను క్లాసు నుంచి వచ్చేసరికి టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద ఒక ఉత్తరం ఉంది. మా స్కాలర్ పెట్టి వెళ్ళిపోయింది. చేతికి ఇవ్వడానికి మొహమాటపడిందని అప్పుడే అర్థమైంది. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరం సారాంశం ఇంతే: "నాన్నగారికి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఇంట్లో నేను ఉండాల్సిన అవసరం ఉంది. థీసిస్ కూడా అక్కడే ఉండి పూర్తి చేసుకుంటాను. దయచేసి నవంబరు నుంచి నాలుగు నెలలు సెలవు మంజూరు చేయగలరు." వెనకాల ఒక పేజీ ప్రోగ్రెస్ ప్లాన్ జతచేసింది. ఆరు అధ్యాయాలు, ఒక్కోదానికి ఇరవై రోజులు, రోజుకి ఎనిమిది గంటల రాత.

నేను వెంటనే సంతకం పెట్టలేదు. అమ్మాయి మీద అనుమానం ఉండి కాదు. నాలుగేళ్ళుగా నా దగ్గరే పని చేస్తోంది, రెండు పేపర్లు వచ్చాయి, ఫీల్డ్ పని అయిపోయింది. ఇబ్బంది ఆ "సెలవు" అన్న మాటతో వచ్చింది.

తను యూజీసీ ఫెలోషిప్ మీద ఉంది. సీనియర్ దశలో నెలకి 42,000 రూపాయలు. ఈ ఫెలోషిప్‌లో ఏడాదికి 30 రోజులే సెలవు. పండగలూ ప్రభుత్వ సెలవులూ దానికి అదనం. నాలుగు నెలలు "సెలవు" అని రాస్తే ఆ ముప్ఫై పోగా మిగతా మూడు నెలలూ ఏమిటని ఆఫీసు అడుగుతుంది, అడగాలి కూడా. పైగా స్కాలర్ పని చేస్తున్నారని ప్రతి నెలా డిపార్టుమెంటు ధ్రువీకరిస్తేనే డబ్బు పడుతుంది. మా దగ్గర ఆ కాగితం మీద మొదటి సంతకం గైడుది. ఎదురుగా కనబడే మనిషి గురించైతే కళ్ళతో చూసి సంతకం పెడతాను. బస్సులో ఐదారు గంటల దూరంలో, అంతర్వేది దగ్గర ఒక పల్లెటూళ్ళో ఉన్న మనిషి గురించి ఏం చూసి పెట్టాలి?

పిలిచి అదే అడిగాను.

"నువ్వు సెలవు మీద వెళ్తున్నావా, పని మీద వెళ్తున్నావా అమ్మా?"

"పని మీదే మేడమ్. కానీ ఇంటికి కదా, సెలవనే రాయాలేమో అనుకున్నాను."

చాలామంది ఇక్కడే తడబడతారు. ఇంటికి వెళ్తున్నామంటే సెలవే అనుకుంటారు. తనకి కావలసింది క్యాంపస్ బయట ఉండి థీసిస్ రాసుకోవడానికి అనుమతి. అది ఎవరిస్తారన్నది ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కోలా ఉంటుంది. మా దగ్గర గైడ్ సిఫారసు, పరిశోధన సలహా సంఘం, అంటే ఆర్‌ఏసీ, మినిట్స్‌లో ఒక వాక్యం, ఆ మీద హెడ్ సంతకం ఉంటే చెల్లుతుంది. ఆ ఉత్తరానికి జతచేసే ప్లానే రేపు నా నెలవారీ సంతకానికి ఆధారం అవుతుంది. అందుకని ప్లాన్‌ని ఆ కంటితో చదవడం మొదలుపెట్టాం.

ఆ కంటితో చూస్తే మొదటి ప్లాన్ నిలబడలేదు. అన్ని అధ్యాయాలకీ సమానంగా ఇరవై రోజులు పంచడం అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టుంది. పంటకేం కావాలో అందులో లేదు. తన థీసిస్ డెల్టా తీరపు గ్రామాల్లో నూతినీళ్ళ ఉప్పదనం మీద. కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇసక దిబ్బ మీద నుయ్యి తవ్వితే తీపి నీళ్ళు పడతాయి, నాలుగడుగులు పల్లంలోకి దిగితే నోట పెట్టలేం. 62 నూతుల్లో, కాలువలు కట్టేసే మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక డిసెంబరులో ఒకసారి నీళ్ళు తీసి పరీక్షించింది. అలాంటి థీసిస్‌లో అధ్యయన ప్రాంతం గురించి రాయడమూ, ఫలితాలు రాయడమూ ఒకే బరువు కాదు.

పేజీలు లెక్కేశాం. పరిచయమూ పాత పరిశోధనల సమీక్షా కలిపి ముప్ఫై, ప్రాంతం పద్ధెనిమిది, పద్ధతులు పదహారు, నీటి రసాయన ఫలితాలు ముప్ఫై ఎనిమిది, రుతువుల తేడాలూ ఉప్పునీటి కలయికా ముప్ఫై రెండు, ముగింపు ఎనిమిది. మొత్తం 142. ఇందులో తను వారానికి ఎన్ని రాయగలదు? "రోజుకి మూడు పేజీలు మేడమ్" అంది. ఆ అంకె ఎక్కడిదంటే చెప్పలేకపోయింది. సరే, వెళ్ళే ముందు పది రోజులు పద్ధతుల అధ్యాయం రాయి, నేను ఏమీ అడగను అన్నాను. పది రోజుల తరవాత పదకొండు పేజీలు తెచ్చింది. బాగానే ఉన్నాయి. అంటే వారానికి ఏడు చిల్లర. హాస్టల్ గదిలో, వంటా వార్పూ లేకుండా వచ్చిన వేగం అది. ఇంట్లో అంతకన్నా పెరగదు కాబట్టి ఏడు దగ్గర ఆపాం.

ఆ పది రోజుల ప్రయోగం నేను ఇప్పుడు అందరి చేతా చేయిస్తున్నాను. ఊహించిన వేగం మీద కట్టిన ప్లాన్ మూడో వారానికే వెనకబడుతుంది, వెనకబడ్డాక స్కాలర్ ఫోనెత్తడం మానేస్తారు.

తరవాత ఇంటి సంగతి.

"ఎనిమిది గంటలు రాశావు. మీ ఇంట్లో ఎనిమిది గంటలు ఎక్కడ దొరుకుతాయమ్మా?"

ఆలోచించి చెప్పింది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా. ఏడున్నరకి నాన్నగారికి ఫిజియోథెరపీ చేయించాలి, అమ్మ పాలు పొయ్యడానికి వెళ్తుంది. మళ్ళీ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా. వెరసి ఆరు గంటలు. సార్వా కోతలప్పుడు మధ్యాహ్నం వేళ కూడా చెప్పలేం అంది. నవంబరంటే తుపాన్ల నెల కూడా, కరెంటు పోతే ఒక్కోసారి రెండు రోజులు రాదు. సంక్రాంతి వారం ఎలాగూ రాత సాగదు. అంతర్వేది కల్యాణం వారంలో ఊరంతా చుట్టాలే, వాళ్ళింట్లో అరుగు మీద కూడా చోటుండదట. ఆ రెండు వారాలూ ప్లాన్‌లోనే "రాత లేదు" అని వేయించాను. మొదట ఒప్పుకోలేదు, ఆర్‌ఏసీ వాళ్ళు ఏమనుకుంటారోనని. అబద్ధపు వారాలు రాస్తేనే అనుకుంటారని చెప్పాను. తుపానుకో జ్వరానికో ఇంకో వారం ఖాళీగా వదిలాం.

పదహారు వారాల్లో మూడు పోగా పదమూడు. వారానికి ఏడు చొప్పున తొంభై ఒకటి. రెండు నుంచి ఐదో అధ్యాయం దాకా 104 పేజీలు, అందులో పదకొండు అయిపోయాయి, మిగిలినవి తొంభై మూడు. రెండు పేజీలు అటూ ఇటూ సరిపోయింది. మొదటి అధ్యాయమూ ముగింపూ క్యాంపస్‌కి తిరిగొచ్చాకే అని తీసేశాం. ఫెలోషిప్ మే నెలాఖరుతో అయిపోతుంది. మార్చిలో ఆ రెండూ, ఏప్రిల్లో ప్రీ-సబ్మిషన్ సెమినార్ పెట్టుకుంటే అందుతుంది. రిజిస్ట్రేషన్ సంగతికొస్తే, యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఆరేళ్ళు ఉంటాయి, ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్ళు, ఆడవాళ్ళకి ఇంకో రెండేళ్ళ సడలింపు. కాబట్టి గడువు భయం లేదు, డబ్బు ఆగిపోతుందన్న భయమే.

చివరికి ఉత్తరంలో అసలు పేరా ఇలా మారింది:

"నా ఫీల్డు పనీ ల్యాబు పనీ పూర్తయ్యాయి. థీసిస్ రెండు నుంచి ఐదో అధ్యాయం వరకు రాయడానికి నవంబరు మొదటి సోమవారం నుంచి పదహారు వారాలు మా స్వగ్రామంలో ఉండి పని చేసుకోవడానికి అనుమతి కోరుతున్నాను. జతచేసిన ప్లాన్ ప్రకారం రెండు వారాలకోసారి రాసిన పేజీలతో సహా నివేదిక పంపుతాను. డిసెంబరు ఆర్‌ఏసీ సమావేశానికి స్వయంగా హాజరవుతాను. వరసగా రెండు నివేదికలు పేజీలు లేకుండా వస్తే అనుమతి రద్దు చేసి వెనక్కి పిలవవచ్చు. రాత లేదని చూపిన రెండు వారాలనూ నా 30 రోజుల సెలవు కింద లెక్కించగలరు."

నాన్నగారి ఆపరేషన్ మాట కింద ఒక్క వాక్యంలో ఉంచాం. అది నిజమైన కారణమే. కానీ ఉత్తరమంతా దాని మీద నడిస్తే హెడ్ జాలిపడి సంతకం పెడతారు, ఆఫీసు మాత్రం సెలవు కిందే రాసుకుంటుంది.

వెళ్ళే ముందు వారం సామాను సర్దడంలో గడిచింది. థీసిస్‌కి 21 బొమ్మలు కావాలి, పదకొండు సిద్ధం. మ్యాపులు QGIS లో చేస్తుంది, అది ఉచితం కాబట్టి ఇంట్లోనూ నడుస్తుంది. నీటి రకాలు తేల్చే పైపర్ డయాగ్రమ్ గీసే సాఫ్ట్‌వేర్ లైసెన్సు మాత్రం ల్యాబ్ కంప్యూటరుకే ఉంది, అందుకని ఆ బొమ్మల మొదటి ప్రతులు ముందే తీయించాం. జర్నళ్ళు క్యాంపస్ బయట తెరుచుకుంటాయో లేదో చూడమంటే గేటు బయట టీకొట్టు దగ్గర నిలబడి మొబైల్ డేటా మీద లాగిన్ అయి చూసొచ్చింది. రెండు తెరుచుకోలేదు, కావలసిన పేపర్లు అప్పుడే దించుకుంది. ఇంత చూసుకుని కూడా ఒకటి మరిచిపోయాం. ఫీల్డ్ నోట్‌బుక్‌లు డిపార్టుమెంటు బీరువాలోనే ఉండిపోయాయి. డేటా అంతా ఎక్సెల్లోకి ఎక్కించాం కదా అని ఇద్దరికీ తోచలేదు.

మొదటి రెండు నివేదికలూ చక్కగా వచ్చాయి. పేజీ మించకూడదని నియమం. ఏం పంపాను, ఎక్కడ ఆగాను, మీ నుంచి ఏం కావాలి, తరవాత ఏంటి. మొదటిదానిలో "పద్ధతుల అధ్యాయం మిగతా ఐదు పేజీలు, ప్రాంతం అధ్యాయం తొమ్మిది పేజీలు పంపాను" అని ఉంది. రెండోదానిలో "ప్రాంతం అధ్యాయం పూర్తి చేశాను, నాలుగో అధ్యాయం ఐదు పేజీలు పంపాను." గురువారం సాయంత్రం ఇరవై నిమిషాలు ఫోన్లో మాట్లాడేవాళ్ళం. వెనకాల గేదె అరుపు వినబడేది.

మూడో నివేదికకి పేజీలు జతగా లేవు. అక్షరాలా ఇలా ఉంది: "నాలుగో అధ్యాయం రాస్తున్నాను. బొమ్మలు సరిచేస్తున్నాను. డేటా మళ్ళీ చూసుకుంటున్నాను."

నేను తెలుగు పంతులమ్మని కాను గానీ నివేదికల్లో క్రియలు చూస్తాను. "పంపాను, చేశాను" అన్నవి "రాస్తున్నాను, చూస్తున్నాను"లుగా మారిన రోజున ఎక్కడో బండి దిగబడిందని అర్థం. ఒక నివేదికలో ఒకటి ఉంటే పరవాలేదు. మూడు వాక్యాలూ అలాగే ఉంటే గురువారం దాకా ఆగకూడదు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

కాసేపు అదీ ఇదీ మాట్లాడాక బయటపెట్టింది. ఫలితాలు రాయడానికి కూర్చుని అయాన్ బాలెన్స్ మళ్ళీ లెక్కేసుకుంది. నీటి నమూనాలో ధన అయాన్ల మొత్తమూ రుణ అయాన్ల మొత్తమూ, లీటరుకి మిల్లీ ఈక్వివలెంట్లలో, దాదాపు సమానంగా రావాలి. తేడా ఐదు శాతం లోపుంటే మంచిది, పది దాటితే ఆ విశ్లేషణని నమ్మడం కష్టం. డిసెంబరు నమూనాల్లో తొమ్మిదింటికి పది దాటింది. రెండు వారాల నుంచి ఆ తొమ్మిదీ తిప్పి తిప్పి చూస్తోంది. చెబితే వెనక్కి పిలుస్తానని భయం.

ఒక నమూనా అంకెలు చదవమన్నాను. సోడియం 10.0, కాల్షియం 4.0, మెగ్నీషియం 3.0, పొటాషియం 0.5. ధన అయాన్లు 17.5. క్లోరైడ్ 10.0, బైకార్బొనేట్ 3.0, సల్ఫేట్ 1.0. రుణ అయాన్లు 14.0.

(17.5 − 14.0) ÷ (17.5 + 14.0) × 100 = 11.1

మిగతా ఎనిమిదీ చదివించాను. అన్నింట్లోనూ ధన అయాన్లే ఎక్కువ. తప్పు అటూ ఇటూ చెదిరినట్టుంటే చేతి పొరపాటో పరికరం పొరపాటో అనుకోవచ్చు. ఒకే వైపు ఒరిగితే కారణం ఒకటే ఉంటుంది. బైకార్బొనేట్ మీద నాకు అనుమానం వచ్చింది. దాన్ని నూతి దగ్గరో, అదే రోజు రాత్రో టైట్రేషన్ చెయ్యాలి. సీసా నిలవ ఉంటే కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుపోయి, కాల్షియం కార్బొనేట్ అడుగున పేరుకుని, అంకె తగ్గిపోతుంది. కాల్షియం కొలిచేది వేరే సీసాలో, అందులో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి ఉంటాం కాబట్టి అది తగ్గదు. అందుకే ధన అయాన్లు మిగిలినట్టు కనబడతాయి.

"ఆ తొమ్మిదీ ఏ రోజు తీశావు, ఏ రోజు టైట్రేషన్ చేశావు?"

"నోట్‌బుక్‌లో ఉంది మేడమ్." నోట్‌బుక్ బీరువాలో ఉంది.

మర్నాడు జూనియర్ ఒకబ్బాయి చేత బీరువా తెరిపించి పేజీలు ఫోటో తీయించి పంపాను. వాన తడికి సిరా అల్లుకుపోయిన పేజీ. తొమ్మిది నూతులూ ఒకే ట్రిప్పు. ఆ సాయంత్రం వాన, పంటు ఆపేశారు, అవతలి ఒడ్డున బంధువులింట్లో ఆగిపోయారు. టైట్రేషన్ ఐదో రోజున, ల్యాబులో. పక్కన తన చేతిరాతే ఉంది: "ఆలస్యం, గుర్తుంచుకోవాలి."

అప్పుడు అడిగింది, చాలామంది అడిగే ప్రశ్నే. "బైకార్బొనేట్‌ని తేడాతో లెక్కకట్టి పెట్టేయచ్చా మేడమ్? ఆరు పెడితే బాలెన్స్ ఒకటిన్నర లోపే వస్తోంది." వస్తుంది, రాకేం. బాలెన్స్ కుదిరేలా అంకె పెట్టి, ఆనక బాలెన్స్ కుదిరిందని చూపిస్తే, ఇక ఆ పరీక్ష ఎందుకు? వద్దన్నాను. మళ్ళీ నీళ్ళు తీసి చూద్దామా అంటే ఆ డిసెంబరు వేరు, ఈ డిసెంబరు వేరు. నీటి విద్యుత్ వాహకత, అంటే ఈసీ, నూతి దగ్గరే మీటరుతో చూసింది, క్లోరైడ్ నిలవకి మారదు, కాబట్టి ఉప్పదనం మ్యాపుల్లో 62 నూతులూ ఉంటాయి. నీటి రకాలు తేల్చే పైపర్ డయాగ్రమ్‌లో మాత్రం డిసెంబరుకి 53 నూతులే. ఎందుకు తీసేశామో పద్ధతుల అధ్యాయంలో ఒక పేరా. అంతే. ఫోన్లో నలభై నిమిషాలు పట్టింది. పాపం, రెండు వారాలు దాని కింద నలిగింది.

దీని తరవాత నివేదికలో ఒక వరస చేర్చాం: "చెప్పడానికి భయంగా ఉన్న విషయం." సరదాకి పెట్టినట్టుంటుంది గానీ, తరవాతి నాలుగు నివేదికల్లో రెండుసార్లు నిండింది.

డిసెంబరు ఆర్‌ఏసీకి వచ్చి, తీసేసిన నమూనాల సంగతి తనే ముందు చెప్పింది. కొత్త పైపర్ డయాగ్రమ్ ల్యాబులో గీసుకుని మర్నాడు బస్సెక్కింది. వాళ్ళ ఊరికి రైలు లేదు కదా, రాత్రి బస్సులో పోయి పొద్దున్నే ఇంటికి చేరి ఒంటిగంటకి రాతకి కూర్చున్నానని మెసేజ్ పెట్టింది.

ఇక నా తప్పు. పంపిన పేజీలు వారంలో దిద్ది ఇస్తానని ప్లాన్‌లో రాసి సంతకం పెట్టాను. నాలుగో అధ్యాయం మొదటి ఇరవై పేజీలు డిసెంబరు మూడో వారానికల్లా వచ్చాయి. సెమిస్టరు పేపర్లు దిద్దే పనిలో పడి పంతొమ్మిది రోజులు వాటి మొహం చూడలేదు. ఆలోపు తను అదే పద్ధతిలో ఇంకో పది పేజీలు రాసేసింది. ప్రతి పట్టికనీ వాక్యాల్లో తిరిగి చెప్పడం ఆ పద్ధతి. "రెండో నూతిలో సోడియం ఇంత, మూడో నూతిలో ఇంత." మొదటి ఐదు పేజీలు వారంలో చూసి ఉంటే ఆ పది రాసేది కాదు. అందులో ఆరు పేజీలు కొట్టేయాల్సి వచ్చింది. మెసేజ్‌లో ఏమీ అనలేదు, "సరే మేడమ్" అని మాత్రం పెట్టింది. తరవాతి స్కాలర్ల ప్లాన్లలో ఈ వాక్యం చేర్చాను: గైడ్ పది రోజుల్లో చూడకపోతే స్కాలర్ ఆ అధ్యాయం ఆపి వేరేది మొదలుపెట్టవచ్చు, ఆలస్యం గైడ్ లెక్కలో పడుతుంది.

నెలవారీ సంతకం మూడుసార్లు ఏ తడుములాటా లేకుండా పెట్టాను. నివేదికలూ పేజీలూ ఫైల్లో ఉన్నాయి. ఖాళీ నివేదిక వచ్చిన నెలలో మాత్రం సంతకానికి ముందు ఆలోచించాను. అప్పటికి నోట్‌బుక్ ఫోటోలూ, తొమ్మిది నమూనాల లెక్కలూ చేతికొచ్చాయి. అది పనే కాబట్టి ఫైల్లో ఒక చీటీ రాసి జతచేసి పెట్టాను.

ఫిబ్రవరి చివరి వారంలో తిరిగొచ్చింది. 104 పేజీలకి 97 వచ్చాయి. నాన్నగారు చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారంది. తగ్గిన ఏడు పేజీలూ ఐదో అధ్యాయంలోవి. ఉప్పునీరు ఏ మేరకి కలిసిందో చెప్పే భాగం అది, దానికి నా ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని ఆపిందట. మంచిదే చేసింది.

ఏప్రిల్లో ప్రీ-సబ్మిషన్. హాలు సగం నిండింది. పక్క డిపార్టుమెంటు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, "మ్యాపులో 62 నూతులున్నాయి, ఈ బొమ్మలో 53 ఏమిటమ్మా?" అన్నారు. తను తరవాతి స్లైడు నొక్కింది. వాన తడికి సిరా అల్లుకుపోయిన పేజీ ఫోటో తెర నిండా వచ్చింది, కింద తన చేతిరాతలో "ఆలస్యం, గుర్తుంచుకోవాలి." ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండు నిమిషాలు చదివి, "సరే, తరవాతి ప్రశ్న" అన్నారు.